మూడొందల కస్టమరా, నాలుగొందల కస్టమరా?

మంగళగిరిలో ఒక చేనేత దుకాణం ఉందనుకుందాం. కౌంటరు అమ్మకాలతో పాటు దానికి సొంత వెబ్‌సైటు, ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఉన్నాయి. దసరా, దీపావళి సందడి ముగిశాక ఒకే నెలలో రెండు ప్రకటనలు నడిపారు. ఒక్కోదానికి లక్షన్నర రూపాయలు పెట్టారు. మొదటి ప్రకటన 500 ఆర్డర్లు తెచ్చింది, రెండోది 375. అంటే ఒక్కో ఆర్డరు రాబట్టడానికి మొదటిదానికి 300 రూపాయలు, రెండోదానికి 400 రూపాయలు ఖర్చయింది. డ్యాష్‌బోర్డులో ఈ అంకెలు చూసినవాళ్లు ఎవరైనా రెండోదాన్ని ఆపేసి, ఆ డబ్బు కూడా మొదటిదానికే మళ్లించమంటారు.

ఈ దుకాణం, దాని అంకెలు లెక్క అర్థం కావడానికి కల్పించుకున్నవే. కానీ అలా ఆపేయడం మాత్రం ఆన్‌లైన్ వ్యాపారాల్లో మామూలుగా జరిగే పనే. ఈ ఉదాహరణలో అది తప్పుడు నిర్ణయం. ఎందుకు తప్పో డ్యాష్‌బోర్డు చెప్పదు. దుకాణం సొంత అమ్మకాల పుస్తకంలో ఆర్నెల్ల తర్వాత కనబడుతుంది.

రెండు ప్రకటనల్లో చీరలు ఒకటే, ఫొటోలు ఒకటే, ధరలు ఒకటే. తేడా అంతా అవి ఎవరికి కనిపించాయన్న దాంట్లోనే ఉంది. రెండూ ‘లుక్‌అలైక్ ఆడియన్స్’ పద్ధతిలో నడిచినవే. ఫేస్‌బుక్ ఈ సదుపాయాన్ని 2013లో తెచ్చింది. వ్యాపారి తన పాత కస్టమర్ల ఫోన్ నంబర్లో, ఈమెయిళ్లో ఇస్తే, కంపెనీ వాటిని తన ఖాతాదారులతో సరిపోల్చుకుని, వాళ్ల అలవాట్లకు దగ్గరగా ఉన్న కొత్తవాళ్లను వెతికి వాళ్లకు ప్రకటన చూపిస్తుంది. వ్యాపారి ఇచ్చే ఆ మొదటి జాబితానే సీడ్ లిస్టు అంటారు. అందులో ఒకే దేశానికి చెందినవాళ్లు కనీసం 100 మంది ఉండాలి. వెయ్యి నుంచి ఐదు వేల మంది దాకా ఉంటే మంచిదని కంపెనీ సలహా. ఆ తర్వాత వ్యాపారి 1 శాతం నుంచి 10 శాతం దాకా ఒక పరిమాణం ఎంచుకుంటాడు. 1 శాతం అంటే ఆ దేశంలో సీడ్ లిస్టుకు అన్నిటికంటే దగ్గరి పోలిక ఉన్నవాళ్లు. భారతదేశంలో ఆ 1 శాతమే లక్షల్లో ఉంటుంది. శాతం పెంచేకొద్దీ మనుషులు పెరుగుతారు, పోలిక పలచబడుతుంది.

ఇందులో వ్యాపారి చేతిలో నిజంగా ఉన్నది సీడ్ లిస్టు ఒక్కటే. ఎవరు ఎవరిని పోలి ఉన్నారో తేల్చే లెక్క కంపెనీ లోపల జరుగుతుంది, బయటికి కనబడదు. కాబట్టి తన జాబితా మంచిదా కాదా అన్నది వ్యాపారి రెండు చోట్ల పరీక్షించుకోవాలి. ఒకటి ప్రకటన వేయకముందు జాబితాలోనే, రెండోది ప్రకటన ద్వారా వచ్చిన కొత్త కస్టమర్లు తర్వాతి నెలల్లో మిగిల్చిన డబ్బులో. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడటమే అసలు మదింపు.

మన దుకాణం మొదటి ప్రకటనకు, అంతకు ముందు ఏడాదిలో ఒక్క ఆర్డరైనా పెట్టిన 4,000 మందినీ సీడ్‌గా ఇచ్చింది. రెండోదానికి వాళ్లలోంచి 1,100 మందిని ఏరింది. రెండు, అంతకంటే ఎక్కువసార్లు కొన్నవాళ్లు, వచ్చిన పార్సిల్‌ను వెనక్కి పంపనివాళ్లు, కేవలం డిస్కౌంటు రోజుల్లోనే కాక మామూలు ధరకూ కొన్నవాళ్లు అందులో ఉన్నారు.

ఏరినంత మాత్రాన అది మంచి జాబితా అయిపోదు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఎక్కువ కొన్నవాళ్లను ఏరి, ఆ ఏరిన కాలంలోని కొనుగోళ్లనే చూపించి, చూశారా, వీళ్లు ఎంత మంచి కస్టమర్లో అంటారు. ఎక్కువ కొన్నవాళ్లనే ఏరారు గనక లెక్క ఎక్కువే వస్తుంది. అందులో ఇంట్లో పెళ్లి ఉండి ఆ ఏడాది మాత్రమే పది చీరలు కొన్నవాళ్లుంటారు. వాళ్లు మళ్లీ దుకాణం వైపు రాకపోవచ్చు. జాబితా నాణ్యత తెలియాలంటే ఏరిన తేదీ తర్వాత వాళ్లు ఏం చేశారో చూడాలి. దుకాణం దగ్గర ఏడాదిన్నర లెక్కలుంటే, మొదటి పన్నెండు నెలల ప్రవర్తన చూసి ఏరాలి, తర్వాతి ఆరు నెలల మిగులు చూసి తూచాలి. మన ఉదాహరణలో ఆ ఆరు నెలల్లో 4,000 మంది సగటున తలకు 150 రూపాయల మిగులు ఇచ్చారు, 1,100 మంది జాబితా 450 ఇచ్చింది. ఏరిన పన్నెండు నెలలనే చూస్తే ఈ తేడా ఐదు రెట్లు కనబడి ఉండేది. నిజంగా నిలబడింది మూడు రెట్లు. ఈ మూడు అన్న అంకెను రాసి పెట్టుకోవాలి, తర్వాత దీంతోనే పని.

నంబర్ల శుభ్రత దీనికంటే చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, జాబితాను పాడుచేసేది తరచూ అదే. వ్యాపారి ఇచ్చే నంబర్లు నేరుగా వెళ్లవు. ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిలో ప్రతి నంబరూ గుర్తుపట్టలేని అక్షరాల వరుసగా మారుతుంది, ఆ వరుసలనే రెండు వైపులా సరిపోలుస్తారు. ఒక్క అంకె తేడా ఉన్నా వరుస పూర్తిగా మారిపోతుంది. నంబరు ముందు సున్నా మిగిలిపోయినా, దేశం కోడు 91 లేకపోయినా ఆ కస్టమరు జాబితాలో లేనట్టే కావచ్చు. ఇంకో చిక్కు మన ఇళ్లకు సంబంధించినది. చీర ఎంచుకునేది ఇల్లాలు, ఆర్డరులో ఇచ్చేది పార్సిల్ అందుకునే భర్త నంబరో కొడుకు నంబరో. అప్పుడు కంపెనీ పోలికలు వెతికేది ఆమె అభిరుచులతో కాదు, క్రికెట్ వీడియోలు చూసే అబ్బాయి ఖాతాతో. అందుకే కొన్ని దుకాణాలు డెలివరీ నంబరును, ఆర్డరు పెట్టినవాళ్ల నంబరును వేరువేరుగా అడుగుతాయి. సీడ్‌కు పనికొచ్చేది రెండోది.

జాబితాలు సిద్ధమయ్యాక పోటీ సమానంగా జరగాలి. రెండిటికీ 1 శాతమే, ఒకే నెల, ఒకే బడ్జెట్, అవే ఫొటోలు. పాత కస్టమర్లను రెండు ప్రకటనల నుంచీ మినహాయించాలి. లేకపోతే ఎలాగూ వచ్చే మనిషి కొత్త కస్టమరుగా లెక్కలోకి వస్తాడు. రెండు లుక్‌అలైక్‌లలోనూ ఒకే మనుషులు పడే అవకాశం ఎక్కువ, ఎందుకంటే 1,100 మంది 4,000 మందిలోని వాళ్లే. మెటా ఇచ్చే ఏ/బీ పరీక్ష వాడితే ఒక మనిషికి రెండిట్లో ఒకే ప్రకటన కనిపించేలా జనాన్ని విడగొడుతుంది. తర్వాత వచ్చిన ప్రతి ఆర్డరూ ఏ సీడ్ తాలూకుదో దుకాణం సొంత లెక్కలో నమోదు కావాలి. దానికి ప్రకటన లింకు చివర చిన్న గుర్తు తగిలిస్తే సరిపోతుంది:

```
?utm_campaign=lal_test&utm_content=seed_repeat
```

మొదటి ప్రకటనకు `seed_all`, రెండోదానికి `seed_repeat`. వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకునేవాళ్లు ప్రకటనకో కూపన్ కోడు ఇచ్చినా ఇదే పని జరుగుతుంది. ఆపిల్ 2021లో ఐఫోన్ వాడేవాళ్ల అనుమతి లేనిదే యాప్‌లు వాళ్ల వెంట పడకూడదని కట్టడి చేశాక, ప్రకటన కంపెనీ చూపించే ఆర్డర్ల సంఖ్యలో కొంత భాగం అంచనాయే. మదింపుకు దాన్ని కాక సొంత పుస్తకాన్ని నమ్ముకోవడానికి ఇదో కారణం.

ఇప్పుడు ఆర్నెల్లు గడిచాయి, పుస్తకం తెరుద్దాం.

మొదటి దెబ్బ క్యాష్ ఆన్ డెలివరీ దగ్గర తగిలింది. డ్యాష్‌బోర్డు దృష్టిలో ఆర్డరు పెట్టగానే పని అయిపోయినట్టే. కొరియరు కుర్రాడు తలుపు తట్టినప్పుడు వద్దు పొమ్మంటే ఆ సంగతి దానికి తెలియదు. మొదటి ప్రకటన తెచ్చిన 500 ఆర్డర్లలో 130 ఇలా వెనక్కి వచ్చాయి, 370 మాత్రమే చేరాయి. రెండోదాంట్లో 375కి 45 వెనక్కి రాగా 330 చేరాయి. అందిన ఒక్కో ఆర్డరు మీద ప్రకటన ఖర్చు లెక్కేస్తే మొదటిది సుమారు 405 రూపాయలు, రెండోది 455. వంద రూపాయల తేడా ఒక్క మెట్టులోనే సగానికి తగ్గింది. పైగా వెనక్కి వచ్చిన ప్రతి పార్సిల్ మీద రానూపోనూ 150 రూపాయలు పోయాయి. మొదటిదానికి ఆ నష్టం 19,500, రెండోదానికి 6,750.

తర్వాత మొదటి ఆర్డరులో మిగిలింది. మిగులు అంటే అమ్మిన ధరలోంచి నేత ఖరీదు, ప్యాకింగు, రవాణా, ఇచ్చిన డిస్కౌంటు పోగా చేతికి వచ్చేది. మొదటి ప్రకటన కస్టమర్లు ఎక్కువగా తగ్గింపు ధర సరుకే తీసుకున్నారు, సగటున 350 మిగిలింది. మొత్తం 1,29,500 రూపాయలు. రెండో ప్రకటనలో సగటున 400 మిగిలింది, మొత్తం 1,32,000. నలభై మంది తక్కువగా ఉన్నా మొత్తం కాస్త ఎక్కువే.

అసలు తేడా మళ్లీ కొన్నవాళ్ల దగ్గర వచ్చింది. మొదటి 370 మందిలో 55 మంది ఆరు నెలల్లో తిరిగి వచ్చి, అందరూ కలిసి 70 ఆర్డర్లు పెట్టారు. ఆర్డరుకు 400 చొప్పున 28,000 మిగిలింది. రెండో ప్రకటనలో 330 మందిలో 92 మంది తిరిగి వచ్చి 150 ఆర్డర్లు పెట్టారు. ఆర్డరుకు 450 చొప్పున 67,500. వెనక్కి వచ్చిన పార్సిళ్ల నష్టం తీసేస్తే, మొదటి ప్రకటన తెచ్చిన మొత్తం మిగులు 1,38,000 రూపాయలు, రెండోది తెచ్చింది 1,92,750. పెట్టిన లక్షన్నర తీసేయండి. ఆర్డరు 300కే తెచ్చిన ప్రకటన 12,000 నష్టంలో ఉంది. 400 అడిగిన ప్రకటన 42,750 లాభంలో ఉంది.

చాలా వ్యాపారాలు ఇంతవరకు వచ్చి ఆగిపోతాయి. గెలిచిన జాబితా తెలిసింది, చాలు అనుకుంటాయి. కానీ ముందు రాసి పెట్టుకున్న మూడు రెట్లు అన్న అంకెను ఇప్పుడే తీయాలి. ప్రకటన ఖర్చు లెక్కలోకి తీసుకోకముందు మొదటి ప్రకటనలో సరుకు అందుకున్న ఒక్కో కస్టమరు సగటున 373 రూపాయలు మిగిల్చాడు, రెండోదాంట్లో 584. అంటే ఒకటిన్నర రెట్ల పైచిలుకు. సీడ్‌లో మూడు రెట్లున్న తేడా, ఆ సీడ్‌ను చూసి వెతికి తెచ్చిన కొత్తవాళ్లలో ఒకటిన్నర రెట్లయింది. కొంత తరుగు ఎప్పుడూ ఉంటుంది. పోలిక ఉన్న మనిషి అదే మనిషి కాదు కదా. ఎంత తరిగింది అన్నదే జాబితా గురించి, కంపెనీ వెతుకులాట గురించి అన్నిటికంటే ఎక్కువ చెబుతుంది.

ఆ తేడా దాదాపు పూర్తిగా తరిగిపోయే సందర్భాలున్నాయి. ఏరిన కస్టమర్లు ఎందుకు మంచివాళ్లయ్యారో, ఆ కారణం ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో కనిపించేది కాకపోతే అలా అవుతుంది. మంగళగిరి దుకాణానికి మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లలో సగం మంది విజయవాడ, గుంటూరుల నుంచి గుడికి వచ్చి దారిలో దుకాణంలోకి తొంగిచూసేవాళ్లే అనుకోండి. వాళ్ల విశ్వాసానికి కారణం దూరం తక్కువ కావడం, దుకాణదారుతో ముఖపరిచయం. వాళ్లను పోలినవాళ్లను దేశమంతా వెతికితే ఆ రెండూ దొరకవు. సీడ్ పరీక్షలో ఆ జాబితా బ్రహ్మాండంగా నెగ్గుతుంది, వచ్చిన కస్టమర్లు మాత్రం మామూలువాళ్లే అవుతారు. మందు కూడా తేలికే. కౌంటరు కస్టమర్లను తీసేసి, ఆన్‌లైన్‌లో మొదలై ఆన్‌లైన్‌లోనే కొనసాగినవాళ్లతో సీడ్ కట్టాలి. డల్లాస్‌కో న్యూజెర్సీకో చీరలు పంపే దుకాణాలకూ ఇది వర్తిస్తుంది. అమెరికా నుంచి ఆర్డరు పెట్టే తెలుగువాళ్లను, ఇక్కడి కస్టమర్లను ఒకే జాబితాలో కలిపేస్తే దేన్ని చూసి పోలిక వెతకాలో గజిబిజి అవుతుంది. అక్కడివాళ్లు 100 దాటితే వాళ్లకు వేరే సీడ్ పెట్టడం మేలు.

వచ్చిన లెక్క ఎంత గట్టిదో కూడా చూడాలి. రెండో ప్రకటనలో మళ్లీ వచ్చిన 150 ఆర్డర్లలో 30 ఒకే బొటీక్ యజమానురాలివి అయితే? ఆవిడ ఆర్డర్లు తీసేస్తే లాభం 42,750 నుంచి 29,250కి దిగుతుంది. అయినా ముందంజ మారలేదు కాబట్టి ఈసారి ఫర్వాలేదు. ఒక్క మనిషిని తీసేస్తే గెలుపోటములు తారుమారైతే ఆ ఫలితాన్ని నమ్మకూడదు. దీన్ని ఇంకాస్త పద్ధతిగా చేయడానికి గణాంకవేత్తలు బూట్‌స్ట్రాప్ అనే మార్గం వాడతారు. మొదటి ప్రకటన 500 మంది పేర్లు ఒక కుండలో, రెండోదాని 375 మంది పేర్లు మరో కుండలో వేసి, ఒక్కో చీటీ తీసి రాసుకుని మళ్లీ కుండలో వేస్తూ అన్నే చీటీలు తీస్తారు, మిగులు కూడతారు. ఇలా వెయ్యిసార్లు చేస్తారు, కంప్యూటరుకు క్షణాల పని. వెయ్యిలో 950 సార్లు రెండోదే పైన ఉంటే ధైర్యంగా డబ్బు మళ్లించవచ్చు. 700 సార్లే అయితే ఇంకో నెల నడపడమే దారి.

ఆర్నెల్లు ఆగడం చిన్న వ్యాపారానికి కష్టమే. సరుకు మీద పెట్టుబడి తిరగాలి, నేతవాళ్లకు డబ్బులివ్వాలి. అందుకని ముందుగానే కనిపించే గుర్తులు వాడతారు. ముప్పై రోజుల్లో ఎన్ని పార్సిళ్లు నిజంగా అందాయి, ఎంతమంది డబ్బు ముందే కట్టారు, అరవై రోజుల్లో ఎంతమంది రెండో ఆర్డరు పెట్టారు అన్నవి. వీటిని వాడేముందు పాత లెక్కలు తిరగేయాలి. గతంలో ఏ నెల కస్టమర్లు అరవై రోజుల్లో ఎక్కువగా తిరిగి వచ్చారో, ఆర్నెల్లకు వాళ్లే ఎక్కువ మిగిల్చారా? అవునంటే ఆ గుర్తు పనికొస్తుంది. పండగ నెలను, మామూలు నెలను మాత్రం పోల్చకూడదు. సంక్రాంతికి వచ్చిన కస్టమరు రెండు నెలల్లో తిరిగి రాకపోవడం సహజం. ఉగాదికో పెళ్లిళ్ల సీజనుకో రావచ్చు.

జాబితాను ఏరడానికి బదులు, అందరినీ ఇచ్చి ఎవరి విలువ ఎంతో పక్కన రాసిచ్చే వీలు కూడా ఫేస్‌బుక్ 2017 నుంచి కల్పించింది. పేరు పక్కన విలువ అనే వరుస ఉంటుంది, ఎక్కువ విలువ ఉన్నవాళ్ల పోలికలకు కంపెనీ ఎక్కువ బరువు ఇస్తుంది. బాగా పనికొచ్చేదే, కానీ ఆ వరుసలో ఏం రాస్తున్నామన్నది ముఖ్యం. చాలామంది కొన్న మొత్తాన్ని రాస్తారు. డిస్కౌంటులో నాలుగు చీరలు కొని రెండు వెనక్కి పంపిన మనిషి అప్పుడు మంచి కస్టమరుగా కనబడతాడు. రాయాల్సింది మిగులు. బొటీక్ యజమానురాలి లాంటి ఒకరిద్దరి అంకెలు మిగతావాటిని మింగేయకుండా పైన ఒక హద్దు కూడా పెట్టాలి.

రెండో ప్రకటన తెచ్చిన 42,750 పూర్తిగా ప్రకటన గొప్పతనమేనా అన్న ప్రశ్న మిగిలే ఉంది. మంచి కస్టమర్లను పోలినవాళ్లు అంటే చేనేత చీరలు ఇష్టపడేవాళ్లే. వాళ్లలో కొందరు స్నేహితురాలు చెప్పో, సెర్చ్‌లో వెతికో ఎలాగూ ఈ దుకాణానికి వచ్చేవాళ్లు. వాళ్లెంతమందో తెలియాలంటే కొంత జనానికి కావాలనే ప్రకటన చూపించకుండా ఉంచి, చూసినవాళ్లతో పోల్చాలి. మెటాలో కన్వర్షన్ లిఫ్ట్ పేరుతో ఈ పరీక్ష ఉంది. అది అందుబాటులో లేని దుకాణం, తెలంగాణ, ఆంధ్రల్లో అమ్మకాలు దాదాపు సమానంగా ఉండే జిల్లాలను జతలుగా ఎంచుకుని, ప్రతి జతలో ఒక జిల్లాలో ప్రకటన ఆపి చూడవచ్చు. అంత కచ్చితం కాకపోయినా దిశ తెలుస్తుంది.

సీడ్ నుంచి కొత్తవాళ్లలోకి వెళ్లేది కొనుగోలు అలవాటు ఒక్కటే కాదు. వయసు, స్త్రీ పురుష భేదం, ఉండే ప్రాంతం లాంటివీ వెళ్తాయి. ఇళ్ల ప్రకటనల విషయంలో అమెరికా న్యాయశాఖ దీన్నే తప్పుపట్టింది. వివక్ష రాకుండా ప్రత్యేకంగా సవరించిన లుక్‌అలైక్ రకాన్ని కూడా ఆపేస్తామని మెటా 2022 జూన్‌లో ఒప్పందానికి వచ్చింది. చీరల దుకాణానికి చట్టం అడ్డు లేకపోవచ్చు, నష్టం మాత్రం ఉంది. సీడ్‌లో హైదరాబాద్ ఐటీ ఉద్యోగినులే నిండిపోతే, ముందే డబ్బు కట్టి మంచి ధరకు కొనే కరీంనగర్, శ్రీకాకుళం ఉపాధ్యాయినులకు ఆ ప్రకటన ఎప్పటికీ చేరదు. ఇక మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మాట కూడా మరవకూడదు. పార్సిల్ పంపడానికి ఇచ్చిన నంబరును ప్రకటనలకు వాడుకుంటామని కస్టమరుకు విడిగా చెప్పి ఒప్పించుకోవాలి. వద్దన్నవాళ్లను సీడ్‌లోంచి తీసేయాలి.

ఈ సదుపాయం కూడా ఇదే రూపంలో నిలిచేది కాదు. గూగుల్ తన ‘సిమిలర్ ఆడియన్సెస్’ను 2023లో తీసేసింది, లింక్డ్‌ఇన్ తన లుక్‌అలైక్‌ను 2024 ఫిబ్రవరిలో ఆపేసింది. మెటాలో ఇప్పుడు చాలా ప్రచారాల్లో వ్యాపారి ఇచ్చే ఆడియన్స్ ఒక సూచన మాత్రమే. అమ్మకాలు పెరుగుతాయనిపిస్తే వ్యవస్థ ఆ గీత దాటి బయటివాళ్లకూ ప్రకటన చూపిస్తుంది. అందుకే సీడ్‌కూ వచ్చిన కస్టమరుకూ మధ్య పోలిక ఎంత మిగిలిందో ప్రతి సీజనుకూ మళ్లీ కొలవాలి. మన దుకాణం తర్వాతి పరీక్షలో మార్చాల్సింది ఒక్కటే. ఆ 1,100 మంది సీడ్‌నే ఉంచి, 1 శాతం ఒకవైపు, 3 శాతం ఇంకోవైపు పెట్టి, ఒకటిన్నర రెట్ల తేడా అక్కడ ఎంతవరకు నిలుస్తుందో చూడటం. ఈ పరీక్షలో వచ్చిన కొత్త కస్టమర్లను అప్పటిదాకా సీడ్‌లో కలపకూడదు. కలిపితే, రాబోయే తేడా శాతం వల్ల వచ్చిందో జాబితా మారడం వల్ల వచ్చిందో పుస్తకంలో విడదీయడం సాధ్యం కాదు.